అదే పాట బ్రౌజర్‌లో గట్టిగా, యాప్‌లో మెల్లగా: ఏది అసలు సౌండ్?

స్వప్నిక

లాప్‌టాప్‌లో స్పాటిఫై ప్రీమియం వాడుతున్నాను, విండోస్. ఇన్నాళ్లూ బ్రౌజర్‌లోనే వినేదాన్ని. ప్రయాణాల్లో నెట్ లేకపోయినా పాటలు కావాలని ఈమధ్య డెస్క్‌టాప్ యాప్ వేసుకున్నాను. అదే వైర్ హెడ్‌ఫోన్, అదే పాట. బ్రౌజర్‌లో నిండుగా, చెవి పక్కనే మోగుతున్నట్టు ఉంటుంది. యాప్‌లో రెండడుగులు వెనక్కి జరిగి పాడుతున్నట్టు, డ్రమ్స్‌లో ఊపు తగ్గినట్టు ఉంది. యాప్‌లో క్వాలిటీ Very high మీదే పెట్టాను. అన్ని చోట్లా యాప్‌దే మంచి సౌండ్ అంటారు కదా, నాకెందుకు తిరగబడింది? ఇంకో వింత ఏంటంటే, ఒక పాత మెలొడీ మాత్రం యాప్‌లోనే బాగుంది. ఏది నమ్మాలి?

కిరణ్77

యాప్‌నే నమ్మండి, ఇందులో డౌట్ లేదు. వెబ్ ప్లేయర్‌లో ప్రీమియం వాళ్లకి ఏఏసీ అనే కుదింపు పద్ధతిలో 256 కేబీపీఎస్, అంటే సెకనుకి 256 కిలోబిట్లు వస్తుంది, ఫ్రీ వాళ్లకి 128. యాప్‌లో Very high అంటే 320. పైగా బ్రౌజర్ శాంపుల్ రేటుని, అంటే సెకనుకి సౌండ్‌ని ఎన్నిసార్లు కొలిచారనే లెక్కని, 44.1 నుంచి 48 కిలోహెర్ట్జ్‌కి మార్చి పంపిస్తుంది, యాప్ మాత్రం ఉన్నది ఉన్నట్టు నేరుగా సౌండ్ కార్డుకి ఇస్తుంది. మీ చెవులు బ్రౌజర్ సౌండ్‌కి అలవాటు పడిపోయాయి, అంతే. ఒక వారం యాప్‌లోనే వినండి, సెట్ అయిపోతుంది.

పాతలాప్‌టాప్

అలవాటు అయితే పాత మెలొడీ కూడా బ్రౌజర్‌లోనే బాగుండాలి కదా కిరణ్? ఒకటి అటు, ఒకటి ఇటు ఎందుకు ఉంటాయి?

నా వాడకం చెప్తాను. నేనూ యాపే వాడుతున్నాను. బ్రౌజర్‌లో వెబ్ ప్లేయర్ తెరిచి, అడ్రస్ బార్ పక్కన ఇన్‌స్టాల్ గుర్తు వస్తే నొక్కాను. డెస్క్‌టాప్ మీద ఐకాన్ వచ్చింది, వేరే విండోలో తెరుచుకుంటుంది. నాకు రెండిటికీ సౌండ్‌లో ఏ తేడా తెలియలేదు. డౌన్‌లోడ్ బటన్ మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. నా ప్లాన్‌లో లేదేమో అనుకుని వదిలేశాను.

మిక్సింగ్‌శర్మ

స్వప్నిక గారూ, మీరు విన్నది నిజమైన తేడానే. కాకపోతే అది క్వాలిటీ తేడా కాదు, వాల్యూమ్ తేడా. మీ ప్రశ్నలో ఆ పాత మెలొడీ సంగతి లేకపోతే నేను ఇంత గట్టిగా చెప్పేవాడిని కాదు.

డెస్క్‌టాప్ యాప్‌లో Normalize volume అని ఒక సెట్టింగ్ ఉంటుంది. మనం ముట్టుకోకపోయినా మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. ఒక్కో పాటని స్టూడియోలో ఒక్కో గట్టితనంతో తయారు చేస్తారు. ప్లేలిస్ట్‌లో ఒకటి వినిపించక, ఇంకొకటి అదిరిపడేలా ఉండి మాటిమాటికీ వాల్యూమ్ తిప్పుకోకుండా, యాప్ అన్నిటినీ ఒకే మట్టానికి తెస్తుంది. Normal అనే లెవెల్‌లో ఆ మట్టం -14 లఫ్స్. లఫ్స్ అంటే బెదరక్కర్లేదు, పాట సగటున మన చెవికి ఎంత గట్టిగా తగులుతుందో చెప్పే కొలత. మైనస్ అంకె పెరిగే కొద్దీ పాట మెల్లగా ఉన్నట్టు.

ఇప్పుడు వచ్చే హుషారు పాటలు -8 దగ్గర మిక్స్ అయి రావడం మామూలే. అలాంటి పాటని యాప్ 6 డెసిబెల్స్ కిందికి దించుతుంది. 6 డెసిబెల్స్ చిన్న సంగతి కాదు, సిగ్నల్ ఎత్తు సగం అయిపోతుంది. వెబ్ ప్లేయర్‌లో ఈ సర్దుబాటే లేదు. పాట స్టూడియో నుంచి ఎలా వచ్చిందో ఆ గట్టితనంతోనే మోగుతుంది. మీ 'రెండడుగుల వెనక్కి' అక్కడి నుంచి వచ్చింది.

పాత మెలొడీది దీనికి రివర్స్. పాత రికార్డింగులు -18 దగ్గర ఉండొచ్చు. వాటిని యాప్ పైకి లేపుతుంది. పాటలో అతి గట్టి చోటు పగిలిపోకుండా ఒక డెసిబెల్ ఖాళీ ఉంచి, ఎంత కుదిరితే అంత లేపుతుంది. అందుకే అది మీకు యాప్‌లో బాగుంది. మన చెవికి ఒక బలహీనత ఉంది: కాస్త గట్టిగా ఉన్నదాన్ని 'గట్టిగా ఉంది' అనుకోదు, 'బాగుంది' అనుకుంటుంది. బాస్ నిండుగా, గొంతు దగ్గరగా అనిపిస్తుంది. మిక్సింగ్ చేసేవాళ్లం కూడా రోజూ ఇందులో పడుతుంటాం.

కిరణ్77

సార్, నార్మలైజేషన్ సంగతి నిజంగా తెలియదు, థాంక్స్. కానీ 48 కిలోహెర్ట్జ్ మార్పిడి మాట? యాప్ నేరుగా ఇస్తుంది కదా?

మిక్సింగ్‌శర్మ

మీ మొదటి ముక్క కరెక్టే, 256, 320 అంకెలు సరైనవే. రెండోది సగమే నిజం. విండోస్‌లో మామూలుగా ఏ ప్రోగ్రామ్ సౌండ్ అయినా ముందు విండోస్ మిక్సర్‌లోకే వెళ్తుంది. బ్రౌజర్, ప్లేయర్ యాప్, నోటిఫికేషన్ 'టింగ్', అన్నీ అక్కడ కలిసి డివైస్‌కి పెట్టిన ఫార్మాట్‌లోకి మారి బయటికి వస్తాయి. అక్కడ 48 అని ఉంటే యాప్ నుంచి వచ్చిన 44.1 కూడా 48 అవుతుంది. కాబట్టి యాప్ అన్నంత మాత్రాన నేరుగా వెళ్లదు.

ఆ మిక్సర్‌ని తప్పించుకునే దారి ఎక్స్‌క్లూజివ్ మోడ్. టైడల్, కొబజ్ డెస్క్‌టాప్ యాప్‌లలో అది ఉంది. ఆన్ చేస్తే సౌండ్ డివైస్ మొత్తం ఆ యాప్ చేతిలోకి పోతుంది. పాట మోగినంతసేపూ మిగతా ప్రోగ్రామ్‌ల నుంచి ఒక్క శబ్దం రాదు. మీటింగ్ కాల్ వచ్చినా తెలియదు. బ్రౌజర్ ట్యాబ్‌కి ఇలాంటి పట్టు దొరకదు. యాప్‌కి సౌండ్‌లో నిజంగా పైచేయి ఉందంటే అది ఇలాంటి చోటే. అయినా ఈ 44.1, 48 మార్పిడిని ఇప్పటి విండోస్‌లో చెవితో పట్టేవాళ్లని నేను చూడలేదు.

అనూష_ఎల్

అమ్మయ్యా, ఇక్కడ సౌండ్ తెలిసినవాళ్లు ఉన్నారు. నాకూ ఇదే సమస్య! బ్లూటూత్ హెడ్‌సెట్‌తో బ్రౌజర్‌లో పాట వింటుంటే ఉన్నట్టుండి పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లో మోగుతున్నట్టు అయిపోతుంది. మళ్లీ దానంతట అదే బాగవుతుంది. అంటే బ్రౌజర్ క్వాలిటీ తగ్గిస్తోందన్నమాట. నేను కూడా యాప్‌కి మారిపోతే సరిపోతుందా?

నిశాచరుడు

అనూష గారూ, మీది వేరే కథ. యాప్‌కి మారినా అలాగే ఉంటుంది. ఏదో ఒక ప్రోగ్రామ్ మీ హెడ్‌సెట్ మైక్ తెరిచినప్పుడు బ్లూటూత్ కాల్స్ మోడ్‌లోకి వెళ్లిపోతుంది. మామూలు బ్లూటూత్‌లో మైక్, మంచి స్టీరియో రెండూ ఒకేసారి ఇమడవు, అందుకే పాట మోనోలోకి జారి ఫోన్‌లో విన్నట్టు ఉంటుంది. ఈసారి అలా అయినప్పుడు టాస్క్‌బార్‌లో మైక్ గుర్తు వెలిగిందేమో చూడండి. మీటింగ్ యాప్‌లో మైక్‌గా హెడ్‌సెట్ బదులు లాప్‌టాప్ మైక్ ఎంచుకోండి.

అనూష_ఎల్

మీటింగులు నాకు మధ్యాహ్నమే ఉంటాయి, ఇది పొద్దున కూడా వస్తోంది. అయినా మైక్ గుర్తు చూస్తాను.

స్వప్నిక

శర్మ గారూ, సెట్టింగ్స్‌లోకి వెళ్లి Normalize volume ఆఫ్ చేశాను. ఊపు తిరిగొచ్చేసింది! పాత మెలొడీ మళ్లీ మెల్లగా అయింది, మీరు చెప్పినట్టే. ఇప్పుడు రెండూ ఒకేలా ఉన్నాయి. మరీ ఒకేలా ఉన్నాయి, అనుమానం వచ్చేంతగా. 256కీ 320కీ అసలు తేడా ఉండదా? బ్రౌజర్, యాప్ రెండూ పక్కపక్కన తెరిచి, ఒకదాంట్లో ఆపి ఇంకోదాంట్లో నొక్కి మరీ పోల్చాను.

మిక్సింగ్‌శర్మ

ఆగండి, పక్కపక్కన తెరిచారంటే ఒక చిక్కు ఉంది. ఒకే అకౌంట్‌తో రెండూ తెరిచి ఉంటే వెబ్ ప్లేయర్ ఒక్కోసారి కేవలం రిమోట్‌లా పనిచేస్తుంది. మీరు బ్రౌజర్‌లో ప్లే నొక్కుతారు, మోగేది యాప్‌లో. స్క్రీన్ అడుగున ఆకుపచ్చ పట్టీ ఉండి, అందులో ఇంకో డివైస్ పేరు కనబడితే అదే జరుగుతున్నట్టు. మీరు యాప్‌ని యాప్‌తోనే పోల్చి ఉండొచ్చు. అప్పుడు ఒకేలా ఉండక ఏమవుతుంది!

ఇలా చేయండి. ముందు డివైస్ గుర్తు నొక్కి, ఎక్కడ మోగాలో ప్రతిసారీ మీరే ఎంచుకోండి. విండోస్ వాల్యూమ్ మిక్సర్ తెరిస్తే ప్రోగ్రామ్‌కొక స్లైడర్ కనిపిస్తుంది. పాట ఎందులో మోగుతుంటే దాని స్లైడర్ తగ్గిస్తేనే పాట మెల్లగా అవ్వాలి, అదే సాక్ష్యం. బ్రౌజర్‌దీ యాప్‌దీ అక్కడ ఒకే అంకె మీద పెట్టండి. ప్లేయర్ల లోపలి వాల్యూమ్‌లు రెండూ ఫుల్ చేయండి, గట్టితనం విండోస్ వాల్యూమ్‌తోనే తగ్గించుకోండి. యాప్‌లో ఈక్వలైజర్, క్రాస్‌ఫేడ్ ఉంటే ఆఫ్. వెబ్ ప్లేయర్‌లో అవి లేవు కాబట్టి పోలిక చెడిపోతుంది.

ఆ తర్వాత మీరు స్క్రీన్ చూడకూడదు. ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టి, నాణెం ఎగరేసి ఏది పడితే అది పెట్టమనండి. మీరు ఏదో చెప్పండి, వాళ్లు రాసుకుంటారు. పదిసార్లలో తొమ్మిది సరిగ్గా చెప్తే మీకు తేడా తెలుస్తున్నట్టే. ఆరో ఏడో వస్తే అది గాలివాటం. గొంతు ఒక్కటే ఉన్న పాట వద్దు. తాళాలు, చప్పట్లు, సింబల్స్ ఉన్నది తీసుకోండి, బిట్‌రేట్ తక్కువైతే ముందు గరగరలాడేవి అవే.

కిరణ్77

నేను కళ్లు మూసుకునే చెప్పగలను సార్. సింబల్స్ చివర ఆ మెరుపు 320లోనే ఉంటుంది.

మిక్సింగ్‌శర్మ

చెప్పగలిగితే సంతోషమే, చేసి చూడండి. ఒక సంగతి గుర్తుంచుకోండి, అక్కడ 256 ఏఏసీ, ఇక్కడ 320 ఆగ్ వోర్బిస్. కుదింపు పద్ధతే వేరు, అందుకే అంకె పెద్దదైనంత మాత్రాన అంత మేర బాగుంటుందని లెక్క కట్టలేం. ఈ రెండు మట్టాల దగ్గర నేనే చాలా పాటల్లో ఓడిపోయాను.

లాస్‌లెస్, అంటే ఏమీ పోగొట్టకుండా కుదించిన సౌండ్ అయితే వేరే మాట. స్పాటిఫై 2025 సెప్టెంబరులో యాప్‌లకి దాన్ని ప్రకటించింది, 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ దాకా. ఆపిల్ మ్యూజిక్‌కి విండోస్ యాప్ ఉంది, అందులో లాస్‌లెస్ వస్తుంది. అదే ఆపిల్ మ్యూజిక్‌ని బ్రౌజర్‌లో తెరిస్తే రాదు. అలాగని బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని లాస్‌లెస్ కోసం తాపత్రయపడితే లాభం లేదు, గాల్లోకి వెళ్లే ముందు అది మళ్లీ కుదించబడుతుంది.

పాతలాప్‌టాప్

నన్ను మర్చిపోయారు. నా యాప్‌లో డౌన్‌లోడ్ బటన్ ఎందుకు లేదు? Normalize volume కూడా లేదు, ఇప్పుడే చూశాను.

నిశాచరుడు

ఎందుకంటే మీది యాప్ కాదు, అడ్రస్ బార్ తీసేసిన బ్రౌజర్ విండో. బ్రౌజర్ ఇన్‌స్టాల్ గుర్తు నొక్కితే వచ్చేది వెబ్ ప్లేయరే. లోపల అదే 256, అదే సెట్టింగ్స్, ఆఫ్‌లైన్ లేదు. నెట్ తీసేసి ఐకాన్ నొక్కి చూడండి, మీకే తెలుస్తుంది. అసలు యాప్ కావాలంటే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచో, స్పాటిఫై సైట్ డౌన్‌లోడ్ పేజీ నుంచో తెచ్చుకోవాలి.

యూట్యూబ్ మ్యూజిక్ వాడేవాళ్లకి ఈ కంగాళీ ఇంకా ఎక్కువ. దానికి కంప్యూటర్‌లో విడిగా యాపే లేదు, దొరికేది ఈ ఇన్‌స్టాల్ చేసిన వెబ్ పేజీనే.

పాతలాప్‌టాప్

ఓహో. నా 4 జీబీ మెషిన్‌కి అసలు యాప్ బరువు కాదా? బ్రౌజర్ కంటే యాప్ తేలిక అంటారు, నిజమేనా?

నిశాచరుడు

పెద్దగా ఆశ పెట్టుకోకండి. స్పాటిఫై డెస్క్‌టాప్ యాప్ లోపల కూడా క్రోమియమే ఉంది, అంటే క్రోమ్‌కి ఆధారమైన ఇంజనే. బ్రౌజర్ ఎలాగూ తెరిచే ఉంచుతారనుకుంటే, ఇంకో ట్యాబ్ తెరవడమే తక్కువ బరువు. బ్రౌజర్ మూసేసి పాటలు మాత్రమే వింటానంటే యాప్ మేలు. టాస్క్ మేనేజర్‌లో రెండు రకాలుగానూ చూసుకుని తేల్చుకోండి, ఇది మెషిన్‌ని బట్టి మారుతుంది.

రేవతి_డి

నేను ఆఫీసు కంప్యూటర్‌లో వింటాను. ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు కాబట్టి నాకు ఎంపిక లేదు, బ్రౌజరే. కొత్త మెషిన్ ఇచ్చినప్పుడు పేజీ వస్తుంది, పాట మోగదు. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో Play DRM-controlled content, అంటే కాపీ తాళం ఉన్న పాటల్ని మోగించే అనుమతికి టిక్ లేదు. పెట్టగానే మోగింది. ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నాను.

నార్మలైజేషన్ లేకపోవడం మాత్రం నాకు రోజూ చిరాకే. వీణ తర్వాత సినిమా పాట వస్తే గుండె గుభేల్మంటుంది. స్వప్నిక గారు దాన్ని ఆఫ్ చేసి సంబరపడుతున్నారు, నాకు ఎవరైనా ఆన్ చేసి పెడితే బాగుండు.

మిక్సింగ్‌శర్మ

రేవతి గారి మాట కరెక్ట్. స్వప్నిక గారూ, పోల్చడం అయిపోయాక దాన్ని మళ్లీ ఆన్ చేసుకోండి. మెల్లగా అనిపిస్తే వాల్యూమ్ పెంచుకోండి, పాటలో ఏమీ పోదు. Loud లెవెల్ మాత్రం చూసి వాడండి. అది -11 దాకా లేపుతుంది, మెల్లటి పాటల్ని అంత లేపడానికి పైన లిమిటర్, అంటే అతి గట్టి చోట్లని అణిచేది, పెడుతుంది. మృదంగం దెబ్బ లాంటివి కాస్త చదునవుతాయి. Normal లో ఆ బెడద లేదు. ఆల్బమ్‌ని వరసగా వింటే ఆల్బమ్ అంతటికీ కలిపి ఒకే సర్దుబాటు చేస్తుంది కాబట్టి మెల్లటి పాట మెల్లగానే ఉంటుంది. షఫుల్‌లో పెడితే పాటకొక సర్దుబాటు.

స్వప్నిక

చెల్లెల్ని కూర్చోబెట్టి నాణెం పరీక్ష చేశాను. మీరు అన్నట్టు ముందుసారి నేను విన్నది రెండుసార్లూ యాపే, ఆకుపచ్చ పట్టీ అడుగున ఉంది, గమనించలేదు. ఈసారి డివైస్ మార్చి సరిగ్గా చేశాం. సుమారు సగం కరెక్ట్, సగం తప్పు. ఒక లైవ్ కచేరీ రికార్డింగ్‌లో చప్పట్ల దగ్గర మాత్రం వరసగా సరిగ్గా చెప్పాను, అది నిజంగా విన్నానో అదృష్టమో తెలియదు. సరే, సౌండ్ గొడవ నాకు తీరింది. ఇక ఆఫ్‌లైన్ మాట చెప్పండి, అసలు యాప్ వేసుకున్నదే అందుకు.

నిశాచరుడు

ఈ విషయంలో పోటీయే లేదు. వెబ్ ప్లేయర్‌లో ఆఫ్‌లైన్ అనేదే లేదు, యాప్‌లో ఉంది. ప్లేలిస్ట్ పైన కింది బాణం గుర్తు నొక్కండి, డౌన్‌లోడ్ పూర్తయితే అది ఆకుపచ్చ అవుతుంది. మీ మెషిన్‌లో విడిగా ఉన్న పాటల్ని కూడా యాప్‌లో కలుపుకోవచ్చు, Local Files అని సెట్టింగ్స్‌లో ఉంటుంది.

చోటు ముందే లెక్క చూసుకోండి. 320 కేబీపీఎస్ అంటే నిమిషానికి 2.4 ఎంబీ. నాలుగు నిమిషాల పాట దాదాపు 10 ఎంబీ, 500 పాటలు 5 జీబీ దగ్గరికి వస్తాయి. లాస్‌లెస్ అయితే ఇంకా చాలా ఎక్కువ. సీ డ్రైవ్ నిండేలా ఉంటే సెట్టింగ్స్‌లో Storage దగ్గర వేరే చోటుకి మార్చుకోండి. డౌన్‌లోడ్ క్వాలిటీకి సెట్టింగ్ వేరే ఉంటుంది, స్ట్రీమింగ్‌ది పెంచినంత మాత్రాన ఇది పెరగదు. ముందు దీన్ని సరిచూసి, తర్వాతే బాణం నొక్కండి.

రేవతి_డి

ఇంట్లో యాప్ ఉంది నాకు. డౌన్‌లోడ్ చేయకపోయినా నెట్ పోయినప్పుడు కొన్ని పాటలు మోగుతూనే ఉంటాయి కదా? ఇటీవల విన్నవి.

నిశాచరుడు

అది కాషె, యాప్ తాత్కాలికంగా దాచుకున్నది, దాన్ని నమ్ముకోకండి. చోటు కోసం ఎప్పుడు ఏది చెరిపేస్తుందో దాని ఇష్టం. అందుకే బయల్దేరే ముందు రోజు పరీక్ష చేసుకోవాలి. యాప్ మెనూలో File లో Offline mode ఉంటుంది, అది పెట్టి, ఎన్నడూ వినని పాట ఒకటి ప్లేలిస్ట్ మధ్యలోంచి తీసి నొక్కండి. మోగితే డౌన్‌లోడ్ నిజం. డౌన్‌లోడ్ కానివి మసకబారి కనిపిస్తాయి.

గడువులు కూడా ఉన్నాయి. 30 రోజులకి ఒకసారైనా యాప్ నెట్‌కి కలవాలి, లేకపోతే డౌన్‌లోడ్‌లు పోతాయి. ఒక అకౌంట్‌కి 5 డివైస్‌లు, డివైస్‌కి 10,000 పాటలు. యాప్ తీసి మళ్లీ వేస్తే మొదటి నుంచీ దించుకోవాలి. ఆ ఫైళ్లని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటానంటే కుదరదు, తాళం వేసి ఉంటాయి.

కిరణ్77

నాకు ఇంకో సర్వీసుతో ఇదే జరిగింది, పేరెందుకులే. ఆరో డివైస్ కలిపాను, పాత ట్యాబ్లెట్‌లో మొత్తం ఖాళీ. బస్సు ఎక్కాక చూసుకున్నాను.

సార్, నాణెం పరీక్ష నేనూ మొదలుపెట్టాను. మధ్యలో ఆపేశాను, హెడ్‌ఫోన్ మారిస్తే స్కోరు మారుతోంది. వేరే హెడ్‌ఫోన్ తెప్పించాక మళ్లీ చేస్తాను. సింబల్స్ మాట నేను వెనక్కి తీసుకోవట్లేదు.

అనూష_ఎల్

పొద్దున మైక్ గుర్తు వెలిగింది! ఏదో ట్యాబ్‌లో నోట్స్ సైటు మైక్ పర్మిషన్ అడిగి తెరిచి కూర్చుంది. ఆ ట్యాబ్ మూస్తే పాట స్టీరియోలోకి వచ్చేసింది. మధ్యాహ్నం మీటింగ్‌లో లాప్‌టాప్ మైక్ పెట్టి చూస్తే మాత్రం నా గొంతు దూరంగా వినిపిస్తోందని అందరూ కంప్లైంట్. దీనికి వైర్ మైక్ కొనడమేనా, ఇంకేదైనా దారి ఉందా?